ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడింది?

శ్రోతలకు నమస్కారం. మా వీధిలో ఉండే ఒక మాస్టారు ఇంటి రుణానికి దరఖాస్తు పెట్టుకుంటే బ్యాంకు కుదరదంది. ఆయన అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ రిపోర్టులో 48,000 రూపాయల వ్యక్తిగత రుణం కనిపిస్తోంది, ఆరు వాయిదాలు బాకీ. మాస్టారు ఆ అప్పు తీసుకోలేదు, ఆ సంస్థ పేరే వినలేదు. పాన్ నంబరు మాత్రం ఆయనదే.

రిపోర్టు ఇచ్చిన సంస్థ వెబ్‌సైటులో 'ఈ ఖాతా నాది కాదు' అని ఫిర్యాదు చేశారు. కొన్నాళ్లకు జవాబు వచ్చింది: 'వివరాలు సరైనవేనని రుణసంస్థ ధ్రువీకరించింది.' మాస్టారు హతాశులయ్యారు. నిజానికి ఇందులో వింత లేదు. క్రెడిట్ సమాచార సంస్థ తనంతట తాను ఏదీ చెరపదు, అప్పిచ్చినవారినే అడుగుతుంది. వారు తమ రికార్డులో పాన్ కలిసిందా లేదా అని చూసి, కలిసింది అంటారు. దొంగ వాడింది ఆ పాన్ నంబరునే కదా!

అందుకే రెండోసారి మాస్టారు ప్రశ్న మార్చారు. ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడింది? రుణసంస్థ ఫిర్యాదుల అధికారికి లిఖితపూర్వకంగా రాసి దరఖాస్తు, ఫొటో, చిరునామా, ఫోను నంబరు, సొమ్ము జమ అయిన ఖాతా వివరాలు కావాలన్నారు. వచ్చిన కాగితాల్లో ఫొటో ఎవరో కుర్రవాడిది. ఫోను నంబరు ఈయనది కాదు. సొమ్ము పడిన బ్యాంకులో ఈయనకు ఖాతాయే లేదు.

దరఖాస్తులోని ఒక్కొక్క వివరానికి ఎదురుగా తన రుజువు పెట్టారు: ఫొటో పక్కన తన గుర్తింపు కార్డు, చిరునామా పక్కన ఆ నాటి కరెంటు బిల్లు, జమ తేదీ పక్కన తన బ్యాంకు స్టేట్‌మెంటు. 1930కి ఫోను చేసి, సైబర్ నేరాల పోర్టల్‌లో ఇచ్చిన ఫిర్యాదు రసీదు జతచేశారు. ప్రతి నకలు మీదా 'ఈ ఫిర్యాదుకు మాత్రమే' అని అడ్డంగా రాసి, తేదీ వేసి సంతకం చేశారు. ఆ జాగ్రత్త నాకు భలే నచ్చింది. నకళ్లు ఎక్కడెక్కడో ఇవ్వబట్టే కదా ఈ గొడవంతా!

మధ్యలో వసూలు మనిషి 'ఒక్క వాయిదా కట్టండి, మిగతాది సరిచేస్తాం' అన్నాడు. మాస్టారు కట్టలేదు, మంచి పని చేశారు. కడితే, అప్పు ఒప్పుకున్నట్టేనని వాళ్లు వాదించవచ్చు.

ఫిర్యాదు పరిష్కారానికి గడువు 30 రోజులు. దాటితే రోజుకు వంద రూపాయలు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ తేలకపోతే, జవాబు నచ్చకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఖర్చు లేదు.

మాస్టారి విషయం 26వ రోజున తేలింది, ఖాతా తొలగించారు. అయితే మన దేశంలో ఇలాంటి రిపోర్టులు ఇచ్చే సంస్థలు నాలుగు. ఏడాదికోసారి ఒక్కొక్కటీ ఉచితంగా ఇస్తుంది. మాస్టారు మిగతా మూడూ తెప్పించి చూశారు. ఒకదానిలో ఆ 48,000 ఇంకా అలాగే ఉంది.