శ్రీశైలం నీళ్ళు చెన్నై దాకా: ముక్కల్లో వెతికితే ఎక్కడ తెగుతుంది, గ్రాఫ్‌లో ఎలా దొరుకుతుంది

అందరికీ నమస్కారం.

పత్రాలు చదివి జవాబు చెప్పే చాట్‌బాట్‌లు కట్టేవాళ్ళే ఇక్కడ ఎక్కువమంది ఉన్నారు కాబట్టి నేరుగా ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. నీటిపారుదల ప్రాజెక్టుల పత్రాలన్నీ ఒక చాట్‌బాట్‌కు ఇచ్చాం అనుకోండి. నివేదికలు, ఒప్పందాలు, ఒక్కో జలాశయం మీద ఒక్కో నోట్, అన్నీ ఉన్నాయి. ఒకరు వచ్చి అడిగారు: "శ్రీశైలం నీళ్ళు చెన్నైకి ఏయే మజిలీల మీదుగా వెళ్తాయి?"

జవాబు తెలుగుగంగ దారి. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్, అక్కడి నుంచి బనకచర్ల క్రాస్ రెగ్యులేటర్, ఆ తరవాత వెలుగోడు జలాశయం. వెలుగోడు నుంచి కాలువ చెన్నముక్కపల్లి దగ్గర పెన్నలో కలుస్తుంది. పెన్న మీద సోమశిల, సోమశిల నుంచి కండలేరు, కండలేరు నుంచి సరిహద్దు దాటి తమిళనాడులో చెన్నైకి తాగునీరిచ్చే పూండి జలాశయం. మొత్తం ఎనిమిది మజిలీలు, వాటి మధ్య ఏడు లంకెలు. ఈ ఏడు లంకెలూ ఒకే పేజీలో రాసిన పత్రం ఉంటే ఇవాళ ఈ ప్రసంగం అక్కర్లేదు. సాధారణంగా అవి ఐదారు పత్రాల్లో చెదిరి ఉంటాయి.

మామూలు పద్ధతి మీకు తెలిసిందే. పత్రాలను ఐదారు వందల టోకెన్ల ముక్కలుగా కోస్తాం, ఒక్కో ముక్కకూ ఎంబెడింగ్ తీస్తాం, ప్రశ్నకూ తీస్తాం, దగ్గరగా ఉన్న ఎనిమిదో పదో ముక్కలు తెచ్చి మోడల్ ముందు పెడతాం. పై ప్రశ్నకు ఏమొస్తాయో చూడండి. ప్రశ్నలో ఉన్నవి శ్రీశైలం, చెన్నై, నీళ్ళు. కాబట్టి శ్రీశైలం నీటిమట్టం గురించిన ముక్కలు నాలుగు, చెన్నై తాగునీటి మీద మూడు, చెన్నైకి నీళ్ళివ్వడానికి రాష్ట్రాలు చేసుకున్న 1983 ఒప్పందం మీద ఒకటి వస్తాయి. వెలుగోడు నుంచి చెన్నముక్కపల్లికి వెళ్ళే కాలువను వర్ణించే ముక్కలో శ్రీశైలం పేరూ ఉండదు, చెన్నై పేరూ ఉండదు. దానికి ప్రశ్నతో పోలికే లేదు, ఎందుకు పైకి వస్తుంది? గొలుసులో రెండు కొసలే ప్రశ్నను పోలి ఉంటాయి, మధ్య కడియాలు పోలి ఉండవు. ఎంబెడింగ్ మోడల్ మంచిది కాకపోవడం వల్ల వచ్చే తప్పు కాదిది. పోలికను బట్టి వెతకడంలోనే ఉన్న హద్దు ఇది.

ముక్కల సంఖ్య పెంచితే సరిపోదా అని అడుగుతారు. లెక్క వేద్దాం. ఒక్కో లంకె తాలూకు ముక్క దొరికే అవకాశం పదింట ఎనిమిది అని ఉదారంగా అనుకుందాం, ఒకదానితో ఒకదానికి సంబంధం లేదనీ అనుకుందాం. ఏడూ కలిసి దొరికే అవకాశం 0.8ను ఏడుసార్లు హెచ్చవేస్తే వచ్చేది, అంటే సుమారు 0.21. ఐదింట ఒక్కసారి. ఎనిమిది ముక్కలకు బదులు నలభై తెస్తే శ్రీశైలం గురించి చెప్పిందే చెప్పే ముక్కలు పెరుగుతాయి, వెలుగోడు ముక్క మాత్రం వందో స్థానంలోనే ఉండిపోవచ్చు. పైగా తెలుగు లిపికి చాలా మోడళ్ళలో ఇంగ్లిష్ కన్నా ఎక్కువ టోకెన్లు ఖర్చవుతాయి కాబట్టి నలభై ముక్కల భారం మనకు ఇంకా ఎక్కువ.

ఇందులో ప్రమాదం ఇంకొకటి ఉంది. మధ్య ముక్కలు లేకపోయినా మోడల్ ఆగదు. "శ్రీశైలం నుంచి నాగార్జునసాగర్ మీదుగా" అని ఎంతో నమ్మకంగా రాసేస్తుంది, ఎందుకంటే శ్రీశైలం దిగువన సాగర్ ఉన్న మాట నిజమే. చదివేవారికి అనుమానం రాదు.

ఇప్పుడు గ్రాఫ్ సంగతి. ఒక్కో ముక్కనూ మోడల్‌కు ఇచ్చి, అందులో ఉన్న పేర్లనూ వాటి మధ్య సంబంధాలనూ రాబట్టి టేబుల్‌లో పెడతాం. పేరు ఒక నోడ్, సంబంధం ఒక లంకె. గ్రాఫ్ డేటాబేస్ లేకుండా మొదలుపెట్టవచ్చు, లక్షల్లో ఉన్న లంకెలకు పోస్ట్‌గ్రెస్ చాలు. ప్రతి లంకెకూ మొదలు, చివర, సంబంధం పేరు ఉండాలి. వీటితోపాటు ఏ ముక్కలోంచి వచ్చిందో ఆ ముక్క నంబరు తప్పనిసరి. ఆ నంబరు పెట్టకపోతే తరవాత ఏ తప్పునూ వెతికి పట్టుకోలేరు. సంబంధాల పేర్లు ముందే మనం నిర్ణయించి ఇవ్వాలి, పదీ పన్నెండుకు మించకుండా. మోడల్ ఇష్టానికి వదిలేస్తే ఒకచోట "నీరందిస్తుంది", ఇంకోచోట "సరఫరా", మరోచోట "అనుసంధానం" అని రాస్తుంది, అప్పుడు దారి వెతకడం కుదరదు.

ప్రశ్న వచ్చినప్పుడు అందులోని పేర్లను నోడ్‌లకు జతచేసి, నీటి ప్రవాహం అనే లంకె మీదే నడుస్తాం:

```sql
WITH RECURSIVE p AS (
  SELECT dst, ARRAY[src, dst] AS path,
         ARRAY[chunk_id] AS chunks
  FROM edges
  WHERE src = 'srisailam' AND rel = 'FLOWS_TO'
  UNION ALL
  SELECT e.dst, p.path || e.dst,
         p.chunks || e.chunk_id
  FROM p JOIN edges e ON e.src = p.dst
  WHERE e.rel = 'FLOWS_TO'
    AND NOT e.dst = ANY(p.path)
    AND cardinality(p.path) < 10
)
SELECT path, chunks FROM p WHERE dst = 'poondi';
```

ఇక్కడ `path` దారి, `chunks` ఆ దారికి సాక్ష్యం. మోడల్‌కు దారి ఒక్కటే ఇచ్చి ఊరుకోవద్దు, ఆ ముక్కల అసలు పాఠం కూడా ఇవ్వండి. ఎందుకో కాసేపట్లో చెబుతాను. చక్రంలా తిరగకుండా ఆపే షరతు, మజిలీల సంఖ్యకు హద్దు, రెండూ ఉండాల్సిందే.

ఇందులో `rel = 'FLOWS_TO'` అన్న షరతు తీసేసి చూడండి, గ్రాఫ్ ఎలా మోసపోతుందో తెలుస్తుంది. లంకెలను రెండు వైపులా నడవనిచ్చి, అతి దగ్గరి దారి చూపమంటే మూడే అడుగుల్లో జవాబు వస్తుంది: శ్రీశైలం, ఆంధ్రప్రదేశ్, కండలేరు, పూండి. శ్రీశైలం, కండలేరు రెండూ ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి కాబట్టి ఆ దారి తప్పు కాదు, కానీ పనికిరాదు. రాష్ట్రం పేరు, శాఖ పేరు, కృష్ణా నది, ఇలాంటి నోడ్‌లకు వేల లంకెలు ఉంటాయి, దేన్నైనా దేనితోనైనా కలిపేస్తాయి. అందుకే ప్రశ్న ఏ రకమో చూసి ఏ లంకెల మీద నడవాలో ముందే కట్టడి చేయాలి. పెన్నను కూడా నోడ్‌గా పెట్టలేదు చూశారా? నదిని ఒకే నోడ్ చేస్తే ఎగువ, దిగువ తేడా పోతుంది, నీళ్ళు ఎగువకు పారినట్టు దారులు పుడతాయి. కలిసే చోటైన చెన్నముక్కపల్లినే నోడ్‌గా పెట్టాలి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రమ పేర్ల దగ్గర. తమిళనాడు పత్రాల్లో ఇదే పథకం కృష్ణా నీటి సరఫరా ప్రాజెక్టు. కండలేరు–పూండి కాలువనే సాయి గంగ అనీ అంటారు. కర్నూలు–కడప కాలువ ఒకచోట అలా ఉంటుంది, ఇంకోచోట కేసీ కెనాల్. ఇవి కలపకపోతే గొలుసు తెగుతుంది. కలపడంలో అత్యుత్సాహం చూపిస్తే అంతకన్నా నష్టం. `SRBC`, `SLBC` అన్న రెండు పేర్లు చూడండి. ఒక్క అక్షరం తేడా. అక్షరాల పోలిక చూసే పద్ధతీ, ఎంబెడింగ్ పోలికా రెండూ వీటిని ఒకటే అంటాయి. కానీ మొదటిది శ్రీశైలం కుడివైపు కాలువ, బనకచర్ల నుంచి రాయలసీమకు పోతుంది. రెండోది ఎడమవైపుది, నల్లగొండ కోసం. ఈ రెండు నోడ్‌లూ కలిసిపోయాయంటే బనకచర్ల నీళ్ళు నల్లగొండకు వెళ్తున్నట్టు దారి చూపిస్తుంది. కాబట్టి పొట్టి పేర్లను యంత్రానికి వదలొద్దు. ఎక్కువ లంకెలున్న రెండు మూడు వందల నోడ్‌ల పేర్లకు ఒక పట్టిక చేయించి, విషయం తెలిసిన ఇంజినీరు చేత ఒకసారి చూపించండి. ఆ ఒకటి రెండు రోజుల పని, తరవాత చేసే ఏ సర్దుబాటు కన్నా ఎక్కువ ఫలితం ఇస్తుంది.

తెలుగు పత్రాలకు ప్రత్యేకమైన చిక్కు దిశ. "పూండికి నీళ్ళు కండలేరు నుంచే వస్తాయి" అన్న వాక్యంలో పూండి ముందుంది. మాటల వరస చూసి లంకె వేస్తే నీళ్ళు వెనక్కి పారతాయి. దిశ చెప్పేది "కి", "నుంచి" అన్న విభక్తులే. రాబట్టే ప్రాంప్ట్‌లో ఇలాంటి వాక్యాలు రెండు ఉదాహరణలుగా పెట్టి, లంకెతోపాటు ఆధార వాక్యాన్నీ రాయమనండి. అలాగే "ఈ జలాశయం నుంచి" అని మొదలయ్యే ముక్కలో ఏ జలాశయమో ఉండదు, పేరు పై ముక్కలో ఉండిపోతుంది. కోసేటప్పుడే పత్రం శీర్షికనూ ఉపశీర్షికనూ ప్రతి ముక్క తలమీద అతికిస్తే ఈ నష్టం చాలావరకు తగ్గుతుంది. ఇది మామూలు ముక్కల వెతుకులాటకు కూడా మేలు చేస్తుంది.

అసలు పాఠం ఎందుకు ఇవ్వాలన్నానో చెబుతాను. ఇదే పథకం మీద "ఎంత నీరు?" అని అడిగితే గ్రాఫ్‌లో రెండు అంకెలు కనిపిస్తాయి, 15 టీఎంసీలు, 12 టీఎంసీలు. రెండూ నిజమే. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా ఐదు చొప్పున ఇచ్చేది 15. దారిలో నష్టాలకు 3 పోగా సరిహద్దు దగ్గర తమిళనాడుకు అందాల్సింది 12. అందులోనూ 8 జులై–అక్టోబరు మధ్య, 4 జనవరి–ఏప్రిల్ మధ్య. ఇంత షరతు ఒక లంకెలో పట్టదు. ముక్కలో అయితే మొత్తం వాక్యం ఉంటుంది. ఇలాంటి ప్రశ్నకు మామూలు ముక్కల వెతుకులాటే మెరుగు, చవక, త్వరగా వస్తుంది. ఒక పత్రంలో ఒకచోట ఉన్న జవాబు కోసం గ్రాఫ్ కట్టడం అనవసరపు ఖర్చు, ఎందుకంటే ప్రతి ముక్కకూ ఒకసారి మోడల్‌ను పిలవాలి, పత్రం మారినప్పుడల్లా దాని పాత లంకెలు తీసేసి మళ్ళీ రాబట్టాలి. కాలం కూడా పట్టించుకోవాలి. 2022కు ముందరి పత్రాల్లో వెలుగోడు కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల. జిల్లా లంకెకు తేదీ లేకపోతే రెండూ కలిపి చెబుతుంది.

అందుకని రెండూ పక్కపక్కన ఉంచండి. ప్రశ్నలో రెండు పేర్లు ఉండి వాటి మధ్య దారి అడిగినా, "ఏవేవి", "అన్నీ" అని అడిగినా గ్రాఫ్. మిగతావాటికి ముక్కలు. పరీక్షకు యాభై ప్రశ్నలు చేతితో రాసుకోండి, ఒక్కోదానికి ఏయే ముక్కలు కావాలో కూడా. జవాబు బాగుందా అని చూసే ముందు కావలసిన ముక్కలన్నీ వచ్చాయా అని చూడండి. ఏడింట ఆరు వస్తే ఆ ప్రశ్న తప్పినట్టే లెక్క.

ఇక దారి దొరకనప్పుడు ఏం చేయాలో చెప్పి ముగిస్తాను. రెండు కొసల నుంచీ నడవండి. శ్రీశైలం నుంచి ముందుకు వెళ్తే వెలుగోడు దగ్గర ఆగింది, పూండి నుంచి వెనక్కి వస్తే సోమశిల దగ్గర ఆగింది అనుకోండి. తెగిన చోటు ఆ రెంటి మధ్యే. అప్పుడు వెలుగోడు, సోమశిల అన్న రెండు పేర్లతో ముక్కల్లో వెతకండి. చెన్నముక్కపల్లి ముక్క దొరికితే లంకె రాబట్టడంలో తప్పు జరిగింది, దాన్ని సరిదిద్దండి. దొరక్కపోతే ఆ పత్రమే మన దగ్గర లేదు. అలాంటప్పుడు చాట్‌బాట్ అడిగినవారికి చెప్పాల్సిన మాట, "వెలుగోడు వరకూ, సోమశిల నుంచీ ఆధారం ఉంది, మధ్యలో పత్రం లేదు" అని.