చెవి దగ్గర చదివే గ్రంథం: చావుకూ మరుపుట్టుకకూ నడుమ ఏముందని బౌద్ధులు అంటారు?

[దృశ్యం: టిబెటన్ ఇంట్లో మసక వెలుతురు గది. నేతిదీపం. మంచం మీద కుడివైపు ఒత్తిగిలి పడుకున్న వృద్ధుడు.]

ఈ పెద్దాయన ఊపిరి ఇప్పుడే ఆగింది. గదిలో ఎవరూ ఏడవటం లేదు. ఏడుపు ఆపుకోలేనివాళ్లను ముందే బయటికి పంపించారు. పక్కన కూర్చున్న లామా ఆయన చెవి దగ్గరికి వంగి, పెదవులు చెవికి తగలకుండా, పేరు పెట్టి పిలిచి చదవటం మొదలుపెట్టాడు. మధ్యమధ్య ఒక పిలుపు వినిపిస్తుంది: ‘ఓ కులపుత్రా, పరధ్యానంలో పడకు.’

ఊపిరి ఆగిన మనిషికి చదివి వినిపించటం ఎందుకు? ఈ వీడియోలో ఈ ఒక్క ప్రశ్న వెంటే వెళదాం.

[దృశ్యం: పొడవాటి విడి పత్రాల టిబెటన్ గ్రంథం. ఒక్కో పత్రం తిరుగుతూ ఉంటుంది.]

లామా చేతిలో ఉన్నది ‘బర్దో థోడోల్’. బర్దో అంటే రెండింటి నడుమ ఉన్నది. థో అంటే వినటం, డోల్ అంటే విడుదల. నడిమి స్థితిలో వినటం వల్ల కలిగే విడుదల అన్నమాట. 8వ శతాబ్దంలో టిబెట్‌లో బౌద్ధాన్ని బోధించిన గురువు పద్మసంభవుడు దీన్ని చెప్పి దాచిపెట్టాడనీ, 14వ శతాబ్దంలో కర్మ లింగ్పా అనే టిబెటన్ సాధకుడు వెలికి తీశాడనీ టిబెటన్ సంప్రదాయం చెబుతుంది. గ్యాంగ్‌టాక్‌లో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన కాజీ దావా సందుప్ ఇంగ్లీషు అనువాదం 1927లో అచ్చయింది. అప్పుడు దానికి ‘టిబెటన్ బుక్ ఆఫ్ ద డెడ్’ అని పేరు పెట్టారు. ప్రాచీన ఈజిప్టువాళ్ల ‘బుక్ ఆఫ్ ద డెడ్’ను అనుకరించిన ఈ పేరు నాకు నచ్చదు. అందులో ‘వినటం’ అన్న మాటే లేకుండా పోయింది. ఆ మాట లేకపోతే ఈ గ్రంథం ఎందుకు పుట్టిందో అర్థం కాదు.

[దృశ్యం: చీకటి తెర మీద ఒకదాని తర్వాత ఒకటి: ఎండమావి, పొగ, మిణుగురులు, దీపశిఖ.]

మరణం ఒక్క క్షణంలో జరిగిపోదని టిబెటన్ గురువులు చెబుతారు. దేహాన్ని నిలబెట్టిన భూమి, నీరు, అగ్ని, వాయువు అనే భూతాలు వరసగా ఒకదానిలో ఒకటి లీనమవుతాయి. మొదట భూమి నీటిలో లీనమవుతుంది. అప్పుడు ఒళ్లు బరువెక్కి తల ఎత్తలేకపోతారు, లోపల ఎండమావిలాంటిది కనిపిస్తుంది. నీరు అగ్నిలో లీనమైనప్పుడు నోరు, ముక్కు ఎండిపోతాయి, పొగ కనిపిస్తుంది. అగ్ని వాయువులో లీనమైతే ఒంట్లో వేడి తగ్గిపోతుంది, మిణుగురులు కనిపిస్తాయి. చివరికి వాయువు చైతన్యంలో లీనమవుతుంది. విడిచే ఊపిరి పొడవై, తీసుకునే ఊపిరి చిన్నదై, ఆగిపోతుంది. లోపల నిశ్చలమైన దీపశిఖలాంటి వెలుగు.

మనం ‘ప్రాణం పోయింది’ అనేది ఇక్కడే. టిబెటన్ల లెక్కలో ఆగింది బయటి శ్వాస మాత్రమే. లోపలి శ్వాస ఇంకా కొంతసేపు ఉంటుంది. తెల్లని, ఎర్రని, నల్లని అనుభవాలు దాటాక, శరత్కాలపు ఆకాశంలా మచ్చలేని ఒక కాంతి బయటపడుతుంది. అది ఎక్కడి నుంచో వచ్చే వెలుగు కాదు. ఏ ఆలోచనా కప్పని మనసు అసలు స్వరూపమే అది. దాన్ని తనదిగా గుర్తుపట్టినవాడు అక్కడే విముక్తుడు. ఇబ్బంది ఏమిటంటే, సాధన లేని మనిషికి అది చిటికె వేసినంతసేపే నిలుస్తుంది. గుర్తుపట్టేలోపే జారిపోతుంది.

లామా తొందర అందుకే. ‘నీ గురువు నీకు ఇంతకుముందు చూపించినది ఇదే. గుర్తుపట్టు, అందులోనే నిలిచి ఉండు’ అనే అర్థం వచ్చే వాక్యాలను మూడుసార్లు, అవసరమైతే ఏడుసార్లు చదువుతాడు. ఇందులో కొత్త ఉపదేశం ఏదీ లేదని గమనించండి. ఇది జ్ఞాపకం చేయటం. చదివేవాడి ఎంపికలోనూ ఇదే కనిపిస్తుంది. మొదట గురువు. ఆయన లేకపోతే అదే గురువు దగ్గర నేర్చుకున్న తోటి శిష్యుడు. అదీ కుదరకపోతే ఉచ్చారణ స్పష్టంగా ఉండి, తప్పులు లేకుండా చదవగలిగేవాడు ఎవరైనా సరే. బతికుండగా విన్న మాటనే, అలవాటైన గొంతులో మళ్లీ వినిపించటానికే ఈ ఏర్పాటు.

[దృశ్యం: కళ్లు మిరుమిట్లు గొలిపే నీలికాంతి. దాని పక్కన మెత్తని తెల్లని వెలుగు.]

ఆ కాంతి జారిపోయిందనుకుందాం. కొంతకాలం స్పృహ తప్పినట్టు ఉండి, చనిపోయిన మనిషి మళ్లీ మేలుకుంటాడు. రెండో దశ మొదలవుతుంది. ఇక్కడ మొదటి రోజు ఏం జరుగుతుందో చూస్తే మిగతా రోజులు అర్థమవుతాయి. వైరోచన బుద్ధుడి హృదయం నుంచి నీలికాంతి చూడలేనంత తీక్షణంగా వచ్చి తాకుతుంది. దాని పక్కనే దేవలోకపు తెల్లని వెలుగు కంటికి హాయిగా, మెత్తగా ఉంటుంది. పాత అలవాట్ల బలంతో మనిషి తీక్షణమైన కాంతికి జడుసుకుని మెత్తని వెలుగు వైపు జరుగుతాడు. అటు వెళితే మళ్లీ జన్మల చక్రమే. అందుకని ఆ రోజు చదివే పాఠం ‘నీలికాంతికి భయపడకు, తెల్లని వెలుగు మీద మనసు పడకు’ అంటుంది.

తర్వాతి రోజుల్లో రంగులు, బుద్ధులు మారతారు. మొదటి వారంలో శాంతరూపాలు, రెండో వారంలో రక్తం తాగే ఉగ్రరూపాలు, మొత్తం నూరుగురు. పాఠం మాత్రం ప్రతిసారీ ఒకే మాట దగ్గరికి తీసుకొస్తుంది: ‘ఇవి బయటివి కావు, నీ మనసు వెలుగులే.’ పీడకలలో ఉన్న మనిషిని ‘ఇది కలే’ అని తట్టి చెప్పటంలాంటిది ఇది.

[దృశ్యం: ఇంటి లోపల భోజనాలకు కూర్చున్న బంధువులు. గుమ్మం దగ్గర ఎవరికీ కనిపించని ఒక నీడ.]

మూడో దశకు ‘పుట్టుక వైపు సాగే బర్దో’ అని పేరు. గ్రంథం మొత్తంలో నన్ను బాగా కదిలించేది ఈ భాగమే. చనిపోయిన మనిషి ఇంటికి వస్తాడు. అందరూ భోజనం చేస్తుంటారు, తనకు విస్తరి ఉండదు. పిలుస్తాడు, ఎవరూ పలకరు. నడిచిన చోట అడుగుజాడ పడదు. గోడల్లోంచి దూసుకుపోగలడు గాని ఎక్కడా నిలవలేడు. అప్పుడే తాను చనిపోయానని తెలుస్తుంది. తన వస్తువులు ఇతరులు తీసుకోవటం చూస్తే కోపం వస్తుంది. తన కోసం చదివేవాళ్లు కునికిపాట్లు పడుతూ, తప్పులు చదువుతూ కనిపిస్తే విశ్వాసమే పోతుంది. గ్రంథం ఆ ప్రమాదాన్ని ముందే ఊహించింది: ‘ఆ వస్తువులను వదిలేయి. చదివేవాళ్లలో కనిపించే మచ్చ, అద్దంలో కనిపించే నీ ముఖం మీది మచ్చలాంటిది అనుకో.’ చదివేవాడి నోటితోనే, చదివేవాడి లోపాన్ని మన్నించమని చనిపోయినవాడిని అడిగించే గ్రంథం ఇది.

ఈ దశలో మనసు బతికున్నప్పటి కంటే తొమ్మిది రెట్లు స్పష్టంగా ఉంటుందట. అందుకే జీవితంలో మందబుద్ధి అయినవాడు కూడా ఇప్పుడు వింటే గ్రహించగలడని అంటారు. సాధారణంగా 49 రోజులు, ఏడేసి రోజుల చొప్పున ఏడు వారాలు, ఈ చదువు, పూజలు సాగుతాయి.

[దృశ్యం: కృష్ణా తీరం, ధరణికోట, అమరావతి స్తూపం దిబ్బ.]

బౌద్ధులందరూ దీన్ని ఒప్పుకుంటారా? లేదు. ఈ వాదంలో మన కృష్ణాతీరం పేరు కూడా ఉంది. శ్రీలంక, మయన్మార్ వంటి దేశాల్లోని బౌద్ధశాఖ థేరవాదం. ఆ థేరవాదుల వాదగ్రంథం ‘కథావత్థు’ నడిమి స్థితి అనేదే లేదని వాదిస్తుంది. ఉందన్నవాళ్లెవరో దాని వ్యాఖ్యానం చెబుతుంది: సమ్మితీయులు, పూర్వశైలీయులు అనే ప్రాచీన బౌద్ధశాఖల వాళ్లు. ఈ పూర్వశైలీయులు ధాన్యకటకం ప్రాంతపు వాళ్లు, అంటే ఇప్పటి ధరణికోట, అమరావతి. చనిపోయిన ప్రాణి వారం రోజులో, అంతకు మించో నడుమ వేచి ఉంటుందని వాళ్ల నమ్మకం.

ఉందనేవాళ్ల వాదాన్ని ప్రాచీన బౌద్ధ పండితుడు వసుబంధుడు ‘అభిధర్మకోశం’ అనే తన గ్రంథంలో ఒక వడ్లగింజతో చెప్పాడు. ఒక ఊళ్లోని వడ్లు దూరపు ఊరికి చేరాలంటే నడుమ ఉన్న ఊళ్లన్నీ దాటాలి. ఇక్కడ మాయమై అక్కడ తేలవు. ప్రాణీ అంతే. ఆ నడిమి ప్రాణికి ఆయన చెప్పిన పేరు గంధర్వుడు, వాసననే ఆహారంగా తీసుకునేది. థేరవాదులు మరో పోలిక తెస్తారు. లోయలో అరిస్తే ప్రతిధ్వని వస్తుంది. అరుపు ప్రయాణించి ప్రతిధ్వనిగా మారలేదు, అయినా అరుపు లేనిదే ప్రతిధ్వని లేదు. చివరి మనోక్షణానికీ కొత్త పుట్టుకలోని తొలి మనోక్షణానికీ నడుమ ఎడమే లేదు.

ఎడం లేకపోతే చదవటం అనవసరం కావాలి కదా? జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఎడం లేదు కాబట్టి, చివరి క్షణాల్లో మనసు దేన్ని పట్టుకుంటుందన్నది మరింత ముఖ్యమైంది. అందుకే శ్రీలంక, మయన్మార్, థాయిలాండ్‌లలో ప్రాణం ఉండగానే సుత్తాలు, అంటే బుద్ధుడి ఉపదేశాలు, వినిపిస్తారు.

[దృశ్యం: శ్రావస్తిలో ఒక ఇల్లు. మంచం చుట్టూ భిక్షువులు.]

ధమ్మపద వ్యాఖ్యానంలో ధమ్మికుడనే ఉపాసకుడి కథ ఉంది. అవసాన దశలో అతడు కోరితే భిక్షువులు వచ్చి సతిపట్ఠాన సుత్తం పఠించసాగారు. అంతలో ఆరు దేవలోకాల నుంచి రథాలు వచ్చి ‘మా లోకానికి రా’ అని పిలిచాయి. పాఠానికి అడ్డు రాకూడదని అతడు ‘ఆగండి, ఆగండి’ అన్నాడు. తమనే ఆపమంటున్నాడనుకుని భిక్షువులు లేచి వెళ్లిపోయారు. ధర్మం వినటానికి ఎన్నడూ విసుగు చెందని తండ్రి ఇలా అన్నాడేమిటి, చావుకు భయపడ్డాడా అని పిల్లలు ఏడ్చారు. తేరుకున్నాక అతడు అసలు సంగతి చెప్పాడు. వాళ్లు నమ్మటానికి పూలదండను పైకి విసరమన్నాడు. అది ఆ ఆరింటిలో ఒకటైన తుషిత లోకపు రథానికి తగులుకుని గాలిలో వేలాడింది.

మంచం పక్కన ఉన్నవాళ్లకు ఈ కథలో పనికొచ్చే విషయం ఉంది. చనిపోతున్నవాళ్ల మాట మనతోనే అనుకుని చదవటం ఆపేయటం, పక్కన ఏడవటం అనే రెండు పొరపాట్లూ ఇందులోనే జరిగాయి.

[దృశ్యం: ఆసుపత్రి గది. మంచం పక్కన కుర్చీ.]

ఇంతకీ స్పృహ లేని మనిషికి వినిపిస్తుందా? కెనడాలో మరణానికి చేరువైన రోగుల మెదడు విద్యుత్ తరంగాలను పరిశీలించి 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. పలకరిస్తే స్పందించని స్థితిలో ఉన్నా, శబ్దంలో మార్పు వచ్చినప్పుడు కొందరి మెదడు ఆరోగ్యవంతుల మెదడులాగే స్పందించింది. అర్థం చేసుకున్నారనడానికి అది రుజువు కాదు. ఊపిరి ఆగాక ఏమవుతుందో ఆ పరీక్ష చెప్పదు. బర్దో గురించిన మాట విశ్వాసానికి, సాధనకు సంబంధించినదిగానే ఉంటుంది.

[దృశ్యం: మళ్లీ మొదటి గది. మంచం ఖాళీగా ఉంది.]

ఒకవేళ మనిషి దూరదేశంలో పోయి, దేహం ఇంటికి రాకపోతే? దానికీ గ్రంథంలో సూచన ఉంది. చదివేవాడు పోయినవాడి పడక మీదో, రోజూ కూర్చునే చోటో కూర్చోవాలి. పేరు పెట్టి రమ్మని పిలవాలి. వచ్చి ఎదురుగా కూర్చుని వింటున్నాడని మనసులో నిలుపుకుని, మొదటి పత్రం నుంచి చదవటం మొదలుపెట్టాలి.