అమ్మకాల లెక్కలో ఆగిపోయిన సరుకును పట్టుకోవడం ఎలా?

నమస్కారం. రెడీమేడ్ బట్టల దుకాణం నడిపే ఒక ప్రేక్షకుడు ఇలా అడిగారు: "రోజూ బిల్లులు బాగానే పడుతున్నాయండీ, కానీ కొత్త సరుకు తేవడానికి చేతిలో డబ్బు ఉండటం లేదు. ఏ సరుకు ఆగిపోయిందో ఎలా తెలుసుకోవాలి, దాన్ని ఎలా వదిలించుకోవాలి?"

ముందుగా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో సరుకు ఏ పేరుతో ఎక్కుతోందో చూడండి. చాలా దుకాణాల్లో "శర్ట్ 799" అని ధరను బట్టి ఒకే కోడ్ పెట్టి, ఆ ధర ఉన్న శర్టులన్నిటినీ దాని కిందే బిల్లు చేస్తారు. అలాంటి లెక్కలో ఆగిపోయిన శర్టు ఎప్పటికీ బయటపడదు, ఎందుకంటే నిన్న వచ్చిన కొత్త మోడల్ అమ్మకం ఏడాదిగా కదలని పాత మోడల్‌ను కూడా కప్పేస్తుంది. మోడల్‌కు, సైజుకు, వీలైతే కొన్న విడతకు కూడా వేర్వేరు బార్‌కోడ్ ఉండాలి. అది లేకపోతే ఒక రాత్రి దుకాణం మూసి, అరల్లో ఉన్నది చేత్తో లెక్కపెట్టి, కొనుగోలు బిల్లులతో సరిచూసుకోవడం తప్ప దగ్గర దారి లేదు.

ఇప్పుడు ఒక ఊహా లెక్క తీసుకుందాం. ఒక మోడల్ శర్టులను జీఎస్టీ కాక 400 రూపాయల చొప్పున 120 కొన్నారు. హోల్‌సేలర్ ఇచ్చిన సెట్‌ల ప్రకారం ఎం, ఎల్, ఎక్స్‌ఎల్, డబుల్ ఎక్స్‌ఎల్ తలా 30 వచ్చాయి. ధర 799. 26 వారాల్లో 78 అమ్ముడుపోయి, 42 మిగిలాయి. సగటున వారానికి 3 అమ్మినట్టు కాబట్టి, మిగిలినవి 14 వారాల్లో పోతాయని నివేదిక చెబుతుంది. ఆ మాటను నమ్మిన యజమాని నిశ్చింతగా ఉంటాడు.

అయితే చివరి 8 వారాలను విడిగా చూస్తే అమ్ముడుపోయినవి 4 మాత్రమే, అంటే వారానికి అర శర్టు. ఆ లెక్కన 42 శర్టులు పోవడానికి 84 వారాలు, అంటే ఏడాదిన్నరకు పైగా పడుతుంది. సైజుల వారీగా విడదీస్తే కారణం తెలుస్తుంది: ఎం, ఎల్ మొదటి 14 వారాల్లోనే అయిపోయాయి, మిగిలినవి ఎక్స్‌ఎల్ 16, డబుల్ ఎక్స్‌ఎల్ 26. వ్యాపారులు కట్ సైజులు అనేవి ఇవే. కాబట్టి మొత్తం కాలం సగటును పక్కన పెట్టి, ప్రతి సైజుకు చివరి అమ్మకం జరిగి ఎన్ని రోజులైందో చూడండి. బిల్లుల పట్టికను ఎక్సెల్‌లోకి తెచ్చి, ఎ కాలమ్‌లో బార్‌కోడ్, బి కాలమ్‌లో బిల్లు తేదీ, ఇ2 గడిలో వెతికే బార్‌కోడ్ ఉంచితే, తెరపై కనిపిస్తున్న ఈ సూత్రం సరిపోతుంది.

```
=TODAY()-MAXIFS(B:B,A:A,E2)
```

ఫలితం నలభై వేలు దాటిన సంఖ్యగా వస్తే కంగారు పడకండి. ఆ బార్‌కోడ్ మీద ఒక్క బిల్లు కూడా పడలేదని దాని అర్థం.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఎం, ఎల్ సైజులకు కూడా చివరి 8 వారాల్లో అమ్మకం సున్నాయే కనిపిస్తుంది, కానీ అవి ఆగిపోలేదు, అసలు స్టాకే లేదు. అందువల్ల అమ్మకం పక్కనే చేతిలో ఉన్న నిల్వ కూడా ఉంచి చదవాలి. రెండవది, డబుల్ ఎక్స్‌ఎల్ కట్టలు పై అరలో ఎవరికీ కనిపించకుండా ఉండిపోయి ఉండవచ్చు. ధర తగ్గించే ముందు రెండు వారాలు వాటిని ముందు వరుసలో తగిలించి చూడటానికి ఖర్చేమీ ఉండదు. హోల్‌సేలర్ గానీ ఏజెంటు గానీ సైజు మార్చి ఇస్తారేమో కూడా అప్పుడే అడగండి. సీజన్ దాటిన తర్వాత ఆ మాట ఎవరూ వినరు.

అప్పటికీ కదలకపోతే, రెండు సైజులకూ ఒకే మందు పనిచేయదు. ఎక్స్‌ఎల్ చివరి 8 వారాల్లో 3 పోయాయి, అంటే అడిగేవారు ఉన్నారు, ధర దగ్గర ఆగుతున్నారు. వీటికి నేరుగా ధర తగ్గించడం సరైనది. 799ని 749 చేస్తే ఎవరూ గమనించరు, 599 చేయండి. 5 శాతం జీఎస్టీ పోగా చేతికి సుమారు 570 వస్తుంది, కొన్న ధర మీద ఇంకా 170 మిగులుతుంది. మూడు వారాల్లో సగం పోకపోతే రెండో తగ్గింపు 499కి దిగాలి. ఆషాఢంలో పెళ్లిళ్లు లేక బేరాలు మందగిస్తాయి కాబట్టి మన దగ్గర తగ్గింపు అమ్మకాలు అప్పుడే పెడతారు. శ్రావణానికి కొత్త సరుకు దిగేలోపు అర ఖాళీ కావాలన్నది అందులో ఉన్న లెక్క.

డబుల్ ఎక్స్‌ఎల్‌కు ధర సమస్య కాదు, ఆ సైజు మనిషి దుకాణానికి రావడం తక్కువ. వచ్చిన ఒక్కరినీ వదులుకోకూడదు. 38, 40 నడుము ప్యాంటు కొనేవారే ఈ శర్టుకు తగిన గిరాకీ. 1,199 ప్యాంటుతో కలిపి రెండూ 1,599కి ఇస్తే, ప్యాంటు తన పూర్తి ధరకే పోయినట్టు లెక్క, శర్టుకు 400 వచ్చినట్టు. పన్ను పోగా 381, అంటే కొన్న ధరకు 19 రూపాయలు తక్కువ. జంటకిచ్చిన తగ్గింపు మొత్తాన్ని ఇలా ఆగిన సరుకు ఖాతాలోనే రాయాలి. అలా రాయకపోతే ప్యాంటు లాభం తగ్గినట్టు కనిపించి, బాగా పోయే సరుకునే తప్పుగా అనుమానిస్తారు. ఆగిన శర్టుకు ఆగిన టీషర్టును జతచేయడం మాత్రం నాకు నచ్చని పద్ధతి, రెండు వద్దన్నవి కలిస్తే ఒక కావాలన్నది కాదు.

బిల్లులో రెండింటినీ వేర్వేరు వరుసల్లో, వేర్వేరు ధరలతో చూపండి. సహజంగా కలిసి అమ్ముడుపోని వస్తువులను ఒకే ధరకు కట్టి అమ్మితే జీఎస్టీ చట్టం దాన్ని మిశ్రమ సరఫరాగా చూస్తుంది, అందులో ఎక్కువ పన్ను ఉన్న వస్తువు రేటే మొత్తానికీ పడుతుంది. 5 శాతం శర్టుకు 18 శాతం సెంటు సీసా జతచేసి ఒకే ధర వేస్తే శర్టుకు కూడా 18 కట్టాల్సి వస్తుంది.

ఆషాఢం ముగిసేసరికి 26లో ఇంకా 15 మిగిలాయనుకుందాం. అప్పుడు మిగిలిన సరుకంతా కలిపి ఒకేసారి లాట్‌గా కొనేవారిని పిలవండి. శర్టుకు 150 ఇస్తామంటారు, మొత్తం 2,250. కొన్న ధర 6,000 గుర్తొచ్చి మనసు ఒప్పదు, కానీ ఆ 6,000 ఎప్పుడో ఖర్చయిపోయింది. ఇప్పుడు పోల్చవలసింది ఈరోజు వచ్చే 2,250కి, మరో ఏడాది అరలో ఉంచితే నిజంగా వచ్చేదానికి మధ్యనే. కట్ సైజులు మాత్రమే ఉంటే లాట్ ధర ఇంకా పడిపోతుంది కాబట్టి, వేరే మోడళ్లలో మిగిలిన ఎం, ఎల్ ముక్కలు కొన్ని కలిపి చూపిస్తే బేరం కాస్త నయంగా తెగుతుంది. అప్పగించే ముందు దుకాణం బార్‌కోడ్, ధర చీటీ కత్తిరించేయండి, లేకపోతే అవే శర్టులు నెల తర్వాత మార్పిడికి మీ కౌంటర్‌కే వస్తాయి.

నష్టానికైనా సరే, లాట్‌కు జీఎస్టీ బిల్లు వేయాలి. కొన్న ధరకు తక్కువగా అమ్మినంత మాత్రాన, కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మీ పన్నులోంచి తగ్గించుకున్న మొత్తం, అంటే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్, వెనక్కి కట్టనక్కర్లేదు. అదే సరుకును పుస్తకాల్లో రద్దు చేసినా, ఉచితంగా పంచినా ఆ క్రెడిట్ వదులుకోవాలి. ఒకటి కొంటే ఒకటి ఉచితం అనే అమ్మకం ఈ ఉచితం కిందికి రాదని, ఒకే ధరకు రెండు వస్తువులు ఇచ్చినట్టేనని 2019లో వచ్చిన 92వ నంబరు సర్క్యులర్ స్పష్టం చేసింది.

ఇక వచ్చే కొనుగోలులో నాలుగు సైజులూ సమానంగా ఉన్న సెట్‌లు తీసుకోకండి. పై లెక్క ప్రకారం ఎం, ఎల్ 14 వారాలకే అయిపోయి, ఎక్స్‌ఎల్ ఆరు నెలల్లో 14, డబుల్ ఎక్స్‌ఎల్ 4 మాత్రమే పోయాయి. ఈ నిష్పత్తిని కాగితం మీద రాసుకుని హోల్‌సేలర్ ముందు పెట్టండి. సెట్ విడదీయనంటే, శర్టుకు పది ఇరవై ఎక్కువ ఇచ్చైనా విడి సైజులు ఇచ్చేవారి దగ్గర కొనండి.