గట్టిమేళం వెనుక పని: నాదస్వరం, డోలు

సభకు నమస్కారం.

పెళ్లిలో పురోహితుడు చెయ్యి పైకెత్తి "భజంత్రీలు, భజంత్రీలు" అంటాడు. అంతవరకూ నింపాదిగా సాగుతున్న సన్నాయి ఒక్కసారిగా పైస్థాయికి ఎగబాకుతుంది, డోలు జోరందుకుంటుంది. ఇదే గట్టిమేళం. పందిట్లో చివరి వరుసలో కబుర్లు చెప్పుకుంటున్నవాళ్లు కూడా చేతిలోని అక్షింతలు సరిచూసుకుని లేచి నిలబడతారు. వేదిక మీద ఏం జరుగుతోందో వాళ్లకు కనబడదు, అయినా సంగతి తెలిసిపోతుంది. మేళం అసలు ఉద్యోగం అదే. గుళ్లో అయినా పెళ్లిలో అయినా, కనబడనివాళ్లకు జరుగుతున్నదేమిటో వినిపించడం. ఆ ఉద్యోగానికి తగ్గట్టే ఈ రెండు వాద్యాల నిర్మాణం ఉంది.

ముందు నాదస్వరం, అంటే పెళ్లిలో మనం సన్నాయి అని పిలిచే దాని సంగతి. కొయ్యగొట్టం పైన సన్నగా మొదలై కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది, చివర గంట ఆకారంలో అణసు ఉంటుంది. పైకొనన లోహపు గొట్టం, దానికి తొడిగిన పీక. తమిళులు ఈ పీకను సీవాళి అంటారు. రెల్లు జాతి గడ్డితో చేసిన రెండు పలచని రేకులను కలిపి కట్టి, పెదవులకు ఆనే వైపు బల్లపరుపుగా చదును చేస్తారు. గాలి ఊదితే ఆ రెండు రేకులూ తెరుచుకుంటూ మూసుకుంటూ అదురుతాయి. వేణువులో గాలి అంచును కోసుకుంటూ పోవడం వల్ల మెత్తని నాదం పుడుతుంది. ఇక్కడ రేకులే అదురుతాయి కాబట్టి నాదం ముక్కుతో పలికినట్టు పదునుగా ఉండి, ఆరుబయట జనసందడిని చీల్చుకుని పోతుంది.

గొట్టం మీద పన్నెండు రంధ్రాలుంటాయి. వేళ్లు ఆడేది పైనున్న ఏడింటి మీదే. కిందనున్న అయిదూ శ్రుతి సరిచేసుకోవడానికి. వాటిని మైనంతో కొంచెం పూడ్చడమో, మైనం తీయడమో చేసి శ్రుతిని దారికి తెచ్చుకుంటారు. ఏడు రంధ్రాలతో ఇన్ని రాగాలు ఎలా పలుకుతాయన్నది న్యాయమైన ప్రశ్నే. హార్మోనియంలో ప్రతి స్వరస్థానానికీ ఒక మెట్టు ఉంటుంది, ఇక్కడ అలాంటి ఏర్పాటు లేదు. వేలిని రంధ్రం మీద సగం జరపడం, పెదవులతో పీకను నొక్కడం, ఊపిరి బలం పెంచడం తగ్గించడం, ఈ మూడూ కలిసి స్వరాన్ని నిర్ణయిస్తాయి. అందుకే స్వరాన్ని ఊపి పలికించే గమకం ఈ వాద్యానికి సహజం. అందుకే అపస్వరం కూడా అంతే సులువు.

నాదస్వరాల్లో పొట్టిది తిమిరి, పొడవుది బారి. తిమిరి హెచ్చు శ్రుతిలో కీచుగా పలుకుతుంది. ఇప్పుడు కచేరీల్లో, పెళ్లిళ్లలో ఎక్కువగా వినబడేది బారి. సుమారు రెండున్నర అడుగుల పైచిలుకు పొడవుండి, రెండు, రెండున్నర శ్రుతిలో నిండుగా పలుకుతుంది. ఈ మార్పుకు నాదస్వర విద్వాంసుడు తిరువావడుదురై రాజరత్నం పిళ్లై పేరు చెప్పుకుంటారు. తీరిగ్గా రాగం ఆలపించడానికి బారి అనుకూలం. మన ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా ఆలాపన విన్నవారికి నేనేం చెబుతున్నానో తెలుస్తుంది.

పీక గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే మేళం చెడితే సగం సార్లు తప్పు దానిదే. పొడిగా ఉంటే రేకులు అదరవు. గాలి బుసమంటుంది, లేదా ఉన్నట్టుండి కీచుమంటుంది. అందుకని వాయించేముందు నోట్లో పెట్టుకుని తడుపుతారు. మరీ నానితే రేకులు ఉబ్బి మధ్య సందు పెరుగుతుంది. అప్పుడు ఊదడానికి దమ్ము ఎక్కువ పడుతుంది, శ్రుతి కిందికి జారుతుంది. బాగా వాడిన పీక మెత్తబడిపోతుంది. దాని గుర్తు ఏమిటంటే, మధ్యస్థాయి బాగానే ఉంటుంది, తారషడ్జం, అంటే పైస్థాయి 'స' దగ్గరికి వచ్చేసరికి స్వరం అందదు. వాద్యం పైకొన నుంచి దారాలతో వేలాడే పీకలు అలంకారం కాదు. అవి ఒక్కోటి ఒక్కో గట్టిదనం ఉన్నవి, అవసరానికి మార్చుకోవడానికి. వాటితోపాటు కట్టి ఉండే సూది పీకలోని సందును సరిచేయడానికి.

ఇక డోలు. తమిళంలో తవిల్ అంటారు. పనస దుంగను ఒకే ముక్కగా తొలిచి చేసిన పీపాలాంటి ఒళ్లు, రెండు వైపులా తోలు. కుడివైపు తోలును చాలా బిగువుగా లాగుతారు. ఎడమవైపు దానికంటే వదులు. కుడిచేతి వేళ్లకు గట్టి తొడుగులు వేసుకుంటారు. గుడ్డపేలికలను పిండి జిగురుతో చుట్టి ఎండబెట్టి చేసేవి అవి. ఎడమచేతిలో పొట్టి కర్ర ఉంటుంది. తొడుగు వేసిన వేళ్లు బిగువు తోలు మీద పడితే చిటపటమని పొడి శబ్దం. కర్ర దెబ్బకు మాత్రం లోతైన గుమ్మనే మోత.

మృదంగం కుడివైపు తోలు మధ్య కరణి అనే నల్లని పూత ఉంటుంది కదా, దానివల్ల దెబ్బకు నిర్దిష్టమైన శ్రుతి వచ్చి కాసేపు నిలుస్తుంది. డోలుకు ఆ కరణి లేదు. దెబ్బ ఎంత వేగంగా పుడుతుందో అంత వేగంగా చస్తుంది. అందుకే ఎంత వడిగా వాయించినా జతులు ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోవు, సన్నాయి శ్రుతితో గొడవా పడవు. వానాకాలంలో మాత్రం తోలు తేమ పీల్చి సడలుతుంది. కుడివైపు దెబ్బ చిటుక్కుమనకుండా డబ్ మంటే అర్థం అదే. పాత రోజుల్లో తోలు వార్లను బిగించేవారు, ఇప్పుడు చాలావాటికి ఇనుప మరలున్నాయి. ఒకవైపే వరసగా తిప్పేస్తే తోలు వంకరగా లాగుతుంది, కాబట్టి ఎదురెదురుగా ఉన్నవాటిని కొద్దికొద్దిగా బిగించాలి. బిగించిన డోలును మండుటెండలో వదిలేస్తే తోలు మరింత ముడుచుకుని చీలే ప్రమాదం ఉంది.

గుడిలో ఈ జంట చేసే పని తెలియాలంటే మల్లారిని చూస్తే చాలు. ఉత్సవమూర్తి ఊరేగింపుకు బయలుదేరేటప్పుడు వాయించేది మల్లారి. దానికి సాహిత్యం లేదు, రాగం గంభీరనాట. స, గ, మ, ప, ని, అయిదే స్వరాలు, రిషభమూ ధైవతమూ లేవు. స్వరాలు తక్కువ కాబట్టి వీధి చివర ఉన్నవాళ్లకు కూడా స్వరూపం చెదరకుండా అందుతుంది. ఎత్తుగడను నెమ్మదిగా ఒకసారి, తర్వాత రెట్టింపు వేగంలో, ఆపైన ఇంకా వేగంగా వాయిస్తారు. తాళం తన నడకన తాను పోతూనే ఉంటుంది. మల్లారిలోనూ రకాలున్నాయి. వంటశాల నుంచి నైవేద్యం తెచ్చేటప్పుడు ఒకటి, అభిషేకానికి తీర్థం తెచ్చేటప్పుడు ఒకటి, రథోత్సవం నాడు మరొకటి. ఈ పద్ధతి కావేరీ తీరపు ఆలయాల్లో బాగా పెరిగింది. అక్కడ అలవాటుపడ్డ చెవికి, గుడి బయట నిలబడే లోపల ఏ పని నడుస్తోందో తెలుస్తుంది. స్వామి తిరిగి వచ్చాక హెచ్చరిక పాట, రాత్రి పవళింపు వేళ నీలాంబరి రాగం.

పెళ్లిలో మేళానికి ఇంత కట్టుదిట్టమైన క్రమం లేదు, కానీ ఒక గట్టి పరీక్ష ఉంది, అదే గట్టిమేళం. మామూలుగా బృందంలో ఇద్దరు సన్నాయి, ఇద్దరు డోలు, ఒకరు తాళం, ఒక శ్రుతి ఉంటారు. ఇద్దరెందుకంటే, ఒక సన్నాయి ఊపిరి తీసుకునేటప్పుడు రెండోది నాదాన్ని పట్టి నిలపాలి. గట్టిమేళంలో ఒక్క క్షణం ఖాళీ వచ్చినా తెలిసిపోతుంది.

మన పెళ్లిళ్లలో చాలాచోట్ల సుముహూర్తం అంటే జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. మాంగల్యధారణ ఆ తర్వాత. కాబట్టి మేళం రెండుసార్లు ఎగసిపడాలి. ముహూర్తానికి కొన్ని నిమిషాల ముందే జాగ్రత్తగా ఉండే మేళగాడు పెద్ద కృతి ఎత్తుకోడు. మధ్యలో తెంచినా బాధలేని చిన్న ఆలాపనో, పల్లవి ముక్కో వాయిస్తూ కన్ను పురోహితుడి చేతి మీద ఉంచుతాడు. చెయ్యి లేవగానే ఎక్కడున్నా అక్కడినుంచి తారషడ్జానికి వెళ్తాడు. డోళ్లు తాళపు లెక్క వదిలి ఫరన్‌లు అనే ఎడతెగని వడి దరువులు అందుకుంటాయి. తుమ్ము, ఏడుపు, అశుభమైన మాట వధూవరుల చెవిన పడకూడదన్నది దీని వెనకున్న నమ్మకం. మూడు ముళ్లూ పడి, అక్షింతలు వేయడం అయ్యేదాకా, అంటే చెయ్యి దిగేదాకా ఆపకూడదు.

తప్పులు ఇక్కడే జరుగుతాయి. ఫొటోల కోసం మేళాన్ని పందిరి మూలకు నెట్టేస్తారు, వాళ్లకు పురోహితుడు కనబడడు. ఎవరో ముందు వరుసలోంచి చెయ్యి ఊపితే అదే సైగ అనుకుని మొదలుపెడతారు, మంత్రం మునిగిపోతుంది. లేదా ముడి పడ్డాక మొదలుపెడతారు. ఒకటో ముడికే అలసి సద్దుమణగడం మరో తప్పు. మొదటినుంచీ మిక్కిలి బలంగా వాయించిన బృందానికి ఇది తరచూ జరుగుతుంది. ముహూర్తానికి ముందు సగం బలంతో వాయించేవాళ్లకే అప్పుడు పెంచడానికి ఏదైనా మిగులుతుంది. ఇంత సులువైన విషయం గుర్తుపెట్టుకునేవాళ్లు తక్కువ.

మైకు సంగతి కూడా ఒకమాట. చాలామంది సన్నాయి అణసు ముందు మైకు పెడతారు. నాదం అణసులోంచే రాదు, తెరిచి ఉన్న రంధ్రాల్లోంచీ వస్తుంది. అణసు ముందు పెడితే కొన్ని స్వరాలు ఉరుముతాయి, కొన్ని వినబడవు. వాద్యం నడిమికి ఎదురుగా, రెండుమూడు అడుగుల దూరంలో పెడితే సమంగా వస్తుంది. డోలుకు చిన్న హాల్లో అసలు మైకు అక్కర్లేదు. ఏసీ హాల్లో అయితే ఇంకో చిక్కు. చల్లగాలిలో సన్నాయి శ్రుతి దిగుతుంది, ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె మాత్రం కదలదు. అందుకే మేళం వాళ్లు వచ్చిన వెంటనే మొదలుపెట్టమని తొందరపెట్టకుండా, వాద్యం ఊపిరితో వేడెక్కడానికి పది నిమిషాలు ఇవ్వండి.

పెళ్లివారు ముందురోజే చేయవలసింది ఒకటే. పురోహితుడినీ మేళంలో పెద్దాయననూ కలిపి కూర్చోబెట్టి మూడు సంగతులు తేల్చుకోండి. గట్టిమేళం ఎన్నిసార్లు, సైగ ఎవరు చేస్తారు, మేళం ఎక్కడ కూర్చుంటే ఆ చెయ్యి కనబడుతుంది. మూడోది తేలాకే ఫొటోగ్రాఫర్‌కు చోటు చూపించండి.