వన్‌స్టెప్ ఔటా, కాదా?

శ్రోతలకు నమస్కారం.

గుంటూరులో ఒకటి నుంచి ఐదు దాకా క్లాసులున్న బడిలో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఇవాళ మీతో ఒక గొడవ గురించి మాట్లాడతాను. పిల్లల గొడవే. పది నిమిషాల్లో మొదలై పది నిమిషాల్లో అయిపోయింది. కానీ అందులో పిల్లలు తప్పొప్పుల గురించి ఎలా ఆలోచిస్తారో మొత్తం కనిపించింది నాకు.

మార్చి నెల. మన గుంటూరు ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. మధ్యాహ్న భోజనం అయ్యాక పిల్లలు వేపచెట్టు నీడలో మూడు ఇటుకలు నిలబెట్టి క్రికెట్ ఆడుతున్నారు. బ్యాటు నాలుగో తరగతి కుర్రాడిది, బ్యాటింగూ వాడిదే. ఐదో తరగతి కుర్రాడు బంతి వేశాడు. ఒకసారి నేలను తాకి లేచిన బంతిని ఎవరో ఒంటి చేత్తో పట్టారు. "వన్‌స్టెప్, ఔట్!" అని బౌలర్ ఎగిరాడు. "మా వీధిలో వన్‌స్టెప్ ఔట్ లేదు, నువ్వు తొండి" అన్నాడు బ్యాటు వాడు. బౌలర్ వచ్చి బ్యాటు లాగాడు, వీడు వదల్లేదు. ఇద్దరి చేతుల్లోంచి బ్యాటు జారి, పక్కన నిలబడి చూస్తున్న ఒకటో తరగతి పిల్లవాడి నుదుటికి తగిలింది. కోడిగుడ్డంత బొప్పి. ఈ సందట్లో కీపరుగా ఉన్న ఇంకో కుర్రాడు, ఎవరూ చూడట్లేదనుకుని, బ్యాటు వాడి మోచేతి మీద గట్టిగా గిల్లి పక్కకు తప్పుకున్నాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అయితే నేనేం చేసేదాన్నో చెబుతాను. బ్యాటు లాక్కుని బీరువాలో పడేసేదాన్ని. లాగిన ఇద్దరి చేతా గుంజీలు తీయించి, "సారీ చెప్పుకోండి" అనేదాన్ని. వాళ్ళు నా మొహం చూస్తూ పక్కవాడికి సారీ చెప్పేవాళ్ళు. చెప్పగానే "ఇంక వెళ్ళొచ్చా టీచర్?" అని అడిగేవాళ్ళు. ఆ ప్రశ్నలోనే తెలిసిపోతుంది, సారీ అనేది బయటపడటానికి కట్టే జరిమానా అని వాళ్ళకు అర్థమైందని. గిల్లినవాడు మాత్రం నా లెక్కలోకే వచ్చేవాడు కాదు, బొప్పి వాడి వల్ల కట్టలేదుగా.

ఇక్కడ పియాజే అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త గుర్తొస్తాడు. పిల్లల నీతి ఆలోచన మీద ఆయన పుస్తకం 1932లో వచ్చింది. అందులో మొదటి అధ్యాయం గోళీలాట గురించే. పిల్లల దగ్గర కూర్చుని, ఈ రూలు ఎవరు పెట్టారు, మార్చొచ్చా అని అడిగాడాయన. చిన్నవాళ్ళకు రూలు పెద్దలో దేవుడో ఇచ్చింది, మార్చకూడదు. పదేళ్ళు దాటుతున్నవాళ్ళకు అది తమలో తాము ఒప్పుకున్న మాట, అందరూ సరేనంటే మారుతుంది.

ఆయన ఒక చిన్న కథ కూడా చెప్పేవాడు. అన్నానికి పిలిస్తే ఒక పిల్లవాడు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. తలుపు వెనకాల కప్పులున్నాయని వాడికి తెలియదు, పదిహేను కప్పులు పగిలాయి. ఇంకొకడు అమ్మ లేనప్పుడు దొంగతనంగా జామ్ తీసుకోబోయి ఒక్క కప్పు పగలగొట్టాడు. ఎవరిది పెద్ద తప్పు? ఆరేడేళ్ళవాళ్ళు చాలామంది "పదిహేను పగలగొట్టినవాడిదే" అన్నారు. తొమ్మిది పదేళ్ళకు వచ్చేసరికి "వాడు కావాలని చేయలేదుగా" అనడం మొదలవుతుంది.

మా వేపచెట్టు కింద జరిగింది అచ్చం అదే. బొప్పి పెద్దది, కావాలని చేసింది కాదు. గిల్లుడు చిన్నది, కావాలని చేసింది.

ఆ రోజు నేను ముందు చిన్నవాడి దగ్గరికి వెళ్ళాను. తడిగుడ్డ వేసి, కాసేపు వాడిని నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. మిగతావాళ్ళను విడివిడిగా కూర్చోమని, "చివరి పీరియడ్‌లో మాట్లాడుకుందాం" అన్నాను. కోపంతో ఒళ్ళు వణుకుతున్న పిల్లవాడిని ఆలోచించమనడం వృథా. ఆ గంటా గంటన్నరలో సగం వేడి దానంతటదే దిగిపోతుంది.

చివరి పీరియడ్‌లో ఆడినవాళ్ళూ చూసినవాళ్ళూ కలిపి పదిమందిని గుండ్రంగా కూర్చోబెట్టాను. "ఎవరు మొదలుపెట్టారు?" అని మాత్రం అడగలేదు. ఆ ప్రశ్న వేశామా, నిన్నటి నుంచి, పోయిన వారం నుంచి లెక్కలు బయటికొస్తాయి. "ఏం జరిగింది? ఎవరికి ఏమైంది?" అని అడిగాను. తర్వాత, "ఇందులో తప్పేంటి? ఎందుకు తప్పు?"

రెండో తరగతి అమ్మాయి, "టీచర్ చూస్తే తిడతారు, అందుకని తప్పు" అంది. బొప్పి కట్టినవాడు, "పెద్ద దెబ్బ కొట్టినోళ్ళదే తప్పు" అన్నాడు. గిల్లిన కీపర్ తల దించుకునే, "నిన్న వాడు నన్ను గిల్లాడు, ఇవాళ నేను గిల్లా, చెల్లుకు చెల్లు" అన్నాడు. ఐదో తరగతి అమ్మాయి ఒకతె, "పాపం వాడు మనల్ని చూసి ఆడుకుందామని వచ్చాడు, రేపట్నుంచి భయపడి రాడు" అంది.

నాలుగు మాటలూ "తప్పే" అంటున్నాయి, లేదా తప్పించుకుంటున్నాయి. తేడా అంతా "ఎందుకు" దగ్గరుంది. లారెన్స్ కోల్‌బర్గ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1958లో తన పరిశోధనలో పట్టుకున్నది ఈ తేడానే. షికాగోలో పది, పదమూడు, పదహారేళ్ళ వయసున్న 72 మంది అబ్బాయిలకు చిక్కు కథలు చెప్పి, వాళ్ళు అవునన్నారా కాదన్నారా అని కాకుండా, కారణం ఏం చెప్పారో చూశాడు. దాన్నిబట్టి తర్వాత ఆరు మెట్లు కట్టాడు. మన చిన్న క్లాసులకు కావలసినవి మొదటి మూడే. శిక్ష పడుతుంది కాబట్టి తప్పు అనేది మొదటి మెట్టు, మన రెండో తరగతి అమ్మాయి మాట. నాకు నువ్వు, నీకు నేను, చెల్లుకు చెల్లు అనేది రెండోది, మన కీపర్ మాట. మనవాళ్ళు ఏమనుకుంటారు, అవతలివాళ్ళు ఏమైపోతారు అనేది మూడోది. చట్టం, ఒప్పందం, అందరికీ వర్తించే న్యాయం, ఇవన్నీ పై మెట్లు. వాటిని ఎనిమిదేళ్ళవాడి ముందు పెడితే నోరు తెరిచి వింటాడు, తలకాయ ఊపుతాడు. అంతే.

అందుకని కీపర్‌తో నేను ధర్మం గురించి మాట్లాడలేదు. వాడు నిలబడ్డ మెట్టు నుంచి ఒక్క మెట్టు పైకి రమ్మన్నాను. "సరే రా, చెల్లుకు చెల్లు. రేపు వాడు కూడా ఇదే మాట అంటాడు. ఎల్లుండి నువ్వు. ఎక్కడ ఆగుతుంది?" వాడేం మాట్లాడలేదు. "నువ్వు కీపరువి. ఇటుకల వెనకాల నువ్వుంటే బ్యాటింగ్ చేసేవాడు వీపు నీ వైపు పెట్టి నిలబడాలి. వెనక నుంచి గిల్లేవాడికి వీపు ఎవరు చూపిస్తారు?" అన్నాను. అప్పుడు తల ఎత్తి మొదటిసారి బ్యాటు వాడి వైపు చూశాడు. నా వైపు కాదు. నేను వెతికేది అదే. పిల్లవాడి కళ్ళు టీచర్ మీద ఉన్నంతసేపూ లెక్క శిక్ష గురించే.

బొప్పి కట్టిన చిన్నవాడితో వాదించలేదు. "వాళ్ళకు నువ్వక్కడున్నావని తెలుసా?" అని మాత్రం అడిగాను. కొంచెంసేపు ఆలోచించి, "తెలీదు" అన్నాడు. చిన్నపిల్లలకు ఉద్దేశం అసలు అర్థం కాదనుకోవడం పొరపాటు. పియాజే కథల్లో నష్టం కొండంత ఉండి ఉద్దేశాన్ని కప్పేసింది. ఉద్దేశాన్ని కళ్ళముందు పెట్టి అడిగితే అయిదారేళ్ళవాళ్ళూ చూస్తారని తర్వాతివాళ్ళు చూపించారు.

తర్వాత ఇంకో రెండు ప్రశ్నలు వేశాను. వీటికి దారి చూపింది ఎలియట్ టూరియల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త. "టీచర్లందరం కలిసి, రేపట్నుంచి వన్‌స్టెప్ ఔట్ కాదు అని చెప్పామనుకోండి. అప్పుడు?" "అయితే ఔట్ కాదు" అన్నారు అందరూ, ఒకటో తరగతి వాడు కూడా. "సరే, టీచర్లందరం కలిసి గిల్లొచ్చు అని చెప్పామనుకోండి?" గొల్లుమని నవ్వారు. "మీరు చెప్పినా నొప్పేస్తుంది కదా టీచర్" అన్నాడు చిన్నవాడు.

చూశారా, రూలు వేరు, దెబ్బ వేరు అని వాడికి తెలుసు. కలిపేసేది మనమే. షర్టు టక్ చేసుకోకపోయినా, వరస తప్పినా, పక్కవాడిని కొట్టినా ఒకే గొంతుతో అరుస్తాం. అందుకని ఆ రోజు రెండింటినీ విడదీశాను. దెబ్బ విషయంలో బేరం లేదు. రూలు సంగతి మీరే తేల్చుకోండన్నాను.

దెబ్బకు ఏం చేయాలి? గుంజీలకూ బొప్పికీ సంబంధం లేదు. పైగా 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని శారీరకంగా శిక్షించకూడదు, మానసికంగా వేధించకూడదు. చేసినదానికి ముడిపడిన పని ఇస్తే పిల్లలకు లెక్క కుదురుతుందని పియాజే కూడా అన్నాడు. బ్యాటు లాగిన ఇద్దరినీ, "వీడికి ఏం చేస్తే బాగుంటుంది?" అని అడిగాను. వారం రోజులు వాడి సంచి మోస్తామన్నారు. వాడు "వద్దు, నాకు బంతి వేయండి" అన్నాడు. ఆరు బంతులు, నెమ్మదిగా, అని బేరం కుదిరింది. బ్యాటు మాత్రం నేను లాక్కోలేదు. లాక్కుంటే ఏ పాపం ఎరగని మిగతావాళ్ళకు కూడా ఆట పోతుంది.

ఇక వన్‌స్టెప్. ఇరవై నిమిషాలు పట్టింది, నేను నోరు మూసుకుని కూర్చోవడమే కష్టమైంది. చివరికి నల్లబల్ల మూల సుద్దముక్కతో రాసుకున్నారు: వన్‌స్టెప్ ఒంటి చేత్తో పడితే ఔట్. చిన్నవాళ్ళకు కాదు. చూసేవాళ్ళు గీత వెనకాల. బ్యాటు ఎవరిదైనా ముందు బ్యాటింగ్ టాస్ గెలిచినవాళ్ళదే. ఈ చివరి రూలుకు బ్యాటు వాడు చాలాసేపు ఒప్పుకోలేదు పాపం.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇదంతా దాదాపు సమానమైన పిల్లల మధ్య గొడవకు. ఒక పెద్ద కుర్రాడు రోజూ ఒకే పిల్లవాడిని ఏడిపిస్తుంటే ఇలా గుండ్రంగా కూర్చోబెట్టకూడదు. అందరిముందు ఆ చిన్నవాడు నిజం చెప్పడు, చెబితే గేటు బయట దెబ్బలు తింటాడు. వాళ్ళతో విడివిడిగా మాట్లాడాలి, కొన్నాళ్ళు కనిపెట్టి ఉండాలి.

ఇంకొకటి, మెట్లు అన్నాం కదా అని ఏ పిల్లవాడికీ నంబరు వేయకండి. అదే పిల్లవాడు ఆటలో చెల్లుకు చెల్లు అంటాడు, ఇంట్లో చెల్లెలి విషయంలో మూడో మెట్టు మాట్లాడతాడు. పెద్ద మాటలు చెప్పినవాడు పెద్ద పనులు చేస్తాడనీ లేదు. పైగా కోల్‌బర్గ్ ఆ మొదటి పరిశోధనలో అడిగింది అబ్బాయిల్నే. ఈ కొలబద్దలో, ఎవరికి ఏమవుతుందోనన్న ఆదుర్దాకు తక్కువ మార్కులు పడుతున్నాయని కారల్ గిల్లిగన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1982లో అభ్యంతరం చెప్పింది. ఆ రోజు గుంపులో చిన్నవాడి భయం ముందుగా కనిపెట్టింది మా ఐదో తరగతి అమ్మాయే. కొలబద్ద ఏమన్నా, నా మటుకు ఆ మాటకే ఎక్కువ మార్కులు.

వారం తిరక్కముందే నల్లబల్ల మూల రూలు ఒకటి కొట్టేసి ఉంది. ఎవరు చెరిపారని అడిగాను. "మేమే టీచర్, మీటింగ్ పెట్టుకున్నాం" అన్నాడు బౌలర్. చిన్నవాళ్ళకు వన్‌స్టెప్ ఔట్ కాదన్న రూలు తీసేశారు. తీసేయమని పట్టుబట్టింది ఎవరనుకున్నారు? బొప్పి తగ్గిన మన ఒకటో తరగతి వాడు. తననూ అందరిలాగే ఔట్ చేయాలట.

నమస్కారం.