పాత ఖాతాదారు అప్పు అడిగితే: ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి

వ్యాఖ్యాత: చిన్న వ్యాపారాల లెక్కల గురించి మాట్లాడుకుంటున్నాం. లైన్‌లో ఒక శ్రోత ఉన్నారు. నమస్కారం అండి, చెప్పండి.

శ్రోత: నమస్కారం అండి. నమస్కారం సార్. నేను అట్టపెట్టెలు తయారు చేయించి సప్లై చేస్తాను. ఒకాయన తొమ్మిదేళ్లుగా మా దగ్గరే తీసుకుంటున్నారు. సరుకు దిగిన వారంలో డబ్బు ఇచ్చేసేవారు, ఒక్కసారీ అడిగించుకోలేదు. నిన్న ఫోన్ చేసి 3,000 పెట్టెలు కావాలి, డబ్బు మాత్రం 60 రోజుల తర్వాత ఇస్తానన్నారు. కాదనలేక "చూసి చెప్తానండి" అన్నాను. రాత్రంతా టెన్షన్.

సలహాదారు: అమ్మా, మామూలుగా ఆయన ఎన్ని తీసుకుంటారు?

శ్రోత: అంతే సార్, 3,000 దాకా.

సలహాదారు: అయితే కొంత నయం. మామూలుగా తీసుకునేదానికి రెట్టింపు సరుకూ, దాంతోపాటు అప్పూ ఒకేసారి అడిగితే నేను జాగ్రత్తపడతాను. ఇంకెవరో సరుకు ఆపేస్తే ఆ లోటు మీతో పూడ్చుకోవడం కావచ్చు. అప్పుడు సగం సరుకు ఇచ్చి, దాని డబ్బు వచ్చాకే మిగతాది పంపమనేవాడిని. ఎందుకు అడుగుతున్నారో చెప్పారా?

శ్రోత: ఆయనకు రావాల్సిన పెద్ద బిల్లు ఒకటి ఆలస్యమైందట.

సలహాదారు: సరే. ఇప్పుడు మీ లెక్క చెప్పండి.

శ్రోత: ఒక్కో పెట్టె 40, మొత్తం 1,20,000. అట్ట, కాగితం, ఇంక్ కలిపి 78,000 అవుతుంది. దాన్ని మా సప్లయర్‌కు 15 రోజుల్లో కట్టాలి. కూలీ, రవాణా 18,000. అది సరుకు పంపిన రోజే ఇచ్చేస్తాం.

సలహాదారు: అంటే మీ చేతి నుంచి పోయేది 96,000, మిగిలేది 24,000. ఈ డబ్బు రాకపోతే, ఆ 96,000 తిరిగి సంపాదించడానికి ఇలాంటివే ఇంకో నాలుగు ఆర్డర్లు చేయాలి. ఆ నాలుగింట్లో మీకు ఒక్క పైసా మిగలదు. ఇది ఆయనకు చెప్పాల్సిన మాట కాదు, మీరు గుర్తుంచుకోవాల్సింది. ఎంత అప్పు ఇవ్వగలరన్నది ఆయన మంచితనం మీద కాదు, మీ సప్లయర్ తారీఖు మీద ఆధారపడి ఉంటుంది.

శ్రోత: మరి కుదరదని చెప్పేయాలా సార్?

సలహాదారు: 60 రోజులు కుదరదని చెప్పండి. ఏది కుదురుతుందో కూడా ఆ మాటతోనే చెప్పండి. పని ఎప్పుడు మొదలుపెడతారు?

శ్రోత: జూన్ 5న అట్ట తెప్పిస్తే 12న సరుకు ఇవ్వగలం. అట్ట డబ్బు 20కి కట్టాలి.

సలహాదారు: అయితే జూన్ 4 లోపు సగం, అంటే 60,000 అడ్వాన్స్. జూన్ 17న 30,000. జూలై 12న మిగతా 30,000. ఇప్పుడు చూడండి. 12న కూలీ, రవాణా ఇచ్చాక మీ దగ్గర 42,000 ఉంటుంది. 17న 30,000 వస్తే 72,000. 20న కట్టాల్సింది 78,000. మీరు సర్దుకోవాల్సింది 6,000 మాత్రమే. వాయిదా 17న ఎందుకంటే, రెండు రోజులు అటూ ఇటూ అయినా మీ 20వ తేదీ తప్పకూడదు.

శ్రోత: అప్పు ఇస్తున్నాం కదా, ధర ఒక రూపాయి పెంచొచ్చా?

సలహాదారు: పెంచకూడదని కాదు, చెప్పకుండా పెంచకూడదు. తొమ్మిదేళ్లుగా మీ ధర ఆయనకు తెలుసు. చెప్పకుండా పెంచితే అప్పు గురించి కాదు, మీ నిజాయితీ గురించి ఆలోచిస్తారు. ఈసారికి 40 ఉంచండి. కానీ ఆ ధర ఎప్పటిదాకా ఉంటుందో రాయండి, అట్ట రేటు మారితే మాట పడకుండా.

శ్రోత: సార్, ఎలా రాయాలో తెలియక నాలుగుసార్లు రాసి చెరిపేశాను.

సలహాదారు: చదివి వినిపించండి.

శ్రోత: "అండీ, మీరు తప్పుగా అనుకోవద్దు, మాకు కూడా ఇబ్బందిగానే ఉంది, వీలైతే కొంత ముందు ఇచ్చి, మిగతాది నెల రోజుల్లో..."

సలహాదారు: ఇక్కడ ఆగుదాం అమ్మా. "వీలైతే" అంటే వీలుకాకపోయినా ఫరవాలేదని ఆయనకు అర్థమవుతుంది. "కొంత" అంటే ఆయన లెక్కలో 10,000 కావచ్చు. "నెల రోజులు" అన్నారు, ఏ రోజు నుంచి? ఆర్డర్ ఇచ్చిన రోజా, సరుకు దిగిన రోజా, బిల్లు తారీఖా? తర్వాత వచ్చే గొడవలు చాలావరకు ఇక్కడే పుడతాయి. రోజులు లెక్కపెట్టమనకండి, తారీఖు రాయండి. మీ ఇబ్బందుల గురించి కూడా వద్దు. మీరు మీ కష్టం చెబితే ఆయన తన కష్టం చెబుతారు, డబ్బు మాట పక్కకు పోతుంది. ఇలా రాసుకోండి:

"నమస్కారం అండి. తొమ్మిదేళ్లుగా మా దగ్గరే తీసుకుంటున్నారు, ఎప్పుడూ సమయానికి ఇచ్చారు. అందుకే ఈసారి సగం మొత్తానికి గడువు ఇస్తున్నాను. 60 రోజుల గడువు మాత్రం నేను ఇవ్వలేను.

3,000 పెట్టెలు, ఒక్కోటి 40, రవాణాతో కలిపి మొత్తం 1,20,000. జూన్ 4 లోపు ఆర్డర్ ఖాయం చేస్తే ఈ ధర.

జూన్ 4 లోపు 60,000
జూన్ 17న 30,000
జూలై 12న 30,000

అడ్వాన్స్ అందగానే పని మొదలుపెట్టి జూన్ 12న సరుకు పంపుతాను. ఈ మూడు వాయిదాలూ పూర్తయ్యాక తర్వాతి ఆర్డర్ తీసుకుంటాను. ఈ తారీఖుల్లో ఏదైనా మీకు కష్టమనిపిస్తే ఇప్పుడే చెప్పండి, పెట్టెల సంఖ్య తగ్గించి చూద్దాం. సరేనంటే ఈ మెసేజ్‌కే 'సరే' అని జవాబివ్వండి."

శ్రోత: "ఇవ్వలేను" అని అంత సూటిగా రాస్తే నొచ్చుకోరా సార్?

సలహాదారు: ఆ మాటకు ముందు ఆయన గురించి ఒక నిజం రాశారు, తర్వాత ఒక దారి చూపించారు. మధ్యలో అది కరుకుగా వినిపించదు. దాన్ని మెత్తబరిస్తే ఆయన మళ్లీ అడుగుతారు, మీరు మళ్లీ కాదనాలి. రెండోసారి కాదనడమే ఎక్కువ బాధపెడుతుంది. ఇంకో మాట, సంఖ్య తగ్గించుకునే దారి తెరిచి ఉంచారు చూడండి, చేతిలో డబ్బు తక్కువున్న మనిషికి దానివల్ల పరువు నిలుస్తుంది.

శ్రోత: "తొమ్మిదేళ్లయినా నా మీద నమ్మకం లేదా" అంటే?

సలహాదారు: "నమ్మకం ఉంది కాబట్టే 60,000 సరుకు మీకు ముందే ఇస్తున్నానండి" అనండి. అంతటితో ఆగండి. సంజాయిషీ ఇవ్వడం మొదలుపెడితే బేరం మళ్లీ మొదలవుతుంది. ముందు ఫోన్ చేసి ఈ విషయం నోటితో చెప్పి, వెంటనే మెసేజ్ పంపండి. పాత మనిషికి మెసేజ్ మాత్రమే వస్తే దూరం పెట్టారనుకుంటారు. ఫోన్‌లో మాత్రమే చెబితే తారీఖులు ఇద్దరికీ రెండు రకాలుగా గుర్తుంటాయి.

వ్యాఖ్యాత: 17న డబ్బు రాకపోతే ఏం చేయాలి?

సలహాదారు: 14నే ఒక మాట పంపాలి, "ఎల్లుండి తర్వాత రోజు, 17న 30,000 ఉంది కదండీ" అని. తారీఖుకు ముందు పంపేది గుర్తు చేసినట్టు ఉంటుంది, తర్వాత పంపేది నిలదీసినట్టు ఉంటుంది. 18 పొద్దునకీ రాకపోతే ఫోన్ చేసి "ఏ రోజు ఇస్తారండీ" అని ఒక్క తారీఖు అడిగి, దాన్నీ మెసేజ్‌లో రాయండి. ఎందుకు ఆలస్యమైందని అడగకండి. అప్పటికే సరుకు ఇచ్చేశారు, మీ చేతిలో ఉన్నది తర్వాతి ఆర్డర్ ఒక్కటే. దాన్ని ఆపుతామని ముందే రాశారు కాబట్టి కోపం చూపించాల్సిన పని ఉండదు.

శ్రోత: ఇప్పుడు చేయనా సార్, సాయంత్రం చేయనా?

సలహాదారు: నిన్న "చూసి చెప్తాను" అన్నారు కదా, ఆయన ఎదురుచూస్తుంటారు. ఇప్పుడే చేయండమ్మా.