కరెంటు తీగలు పోవాలి, గోడ అంచు వంగకూడదు: ఒకే ఫోటో మీద మూడు టూల్స్ రివ్యూ

నమస్తే అండీ. వీధి ఫోటోలోంచి కరెంటు తీగలు, స్తంభాలు తీసేయడానికి ఫోటోషాప్‌లో ఉన్న మూడు టూల్స్‌ని ఇవాళ ఒకే ఫోటో మీద పెట్టి చూద్దాం. తీగ పోయిందా లేదా అన్నదానికి నేను మార్కులు వేయను, ఈ మూడూ ఆ పని చేస్తాయి. తీగ పోయాక వెనకున్న గోడ అంచు తిన్నగా ఉందా లేదా? మార్కులన్నీ దానికే.

ఇదిగో ఫోటో. రెండంతస్తుల భవనం. పక్క నుంచి తీశారు కాబట్టి పిట్టగోడ అంచు, కిటికీల పైఅంచులు కుడివైపుకి వాలుతూ వెళ్తున్నాయి. ఆకాశంలో ఐదు తీగలు, వాటిలో రెండు పిట్టగోడ అంచుని దాటుతున్నాయి. రెండో కిటికీకీ మూడో కిటికీకీ మధ్య స్తంభం.

ఏ టూల్ ముట్టుకునే ముందైనా లెన్స్ కరెక్షన్ చేసేయండి. వైడ్ లెన్స్‌తో తీస్తే తిన్నటి గోడ కూడా కొంచెం విల్లులా వంగి పడుతుంది. మనం గీసేవి మాత్రం సరళరేఖలు. ముందు తీగలు తీసేసి తర్వాత లెన్స్ సరిచేస్తే, అతికిన చోట్ల అంచు ఎదురువైపుకి వంగుతుంది. అది అయ్యాక ఒక ఖాళీ లేయర్ పెట్టుకుని పని అంతా దాని మీదే చేయాలి.

మొదటిది Remove Tool. మనది ఖాళీ లేయర్ కాబట్టి పైన Sample all layers ఆన్ చేయండి. అక్కడే Find distractions కింద Wires and cables అని ఉంటుంది, నొక్కితే తీగల్ని తనే వెతికి తీసేస్తుంది. ఆకాశం వరకు నాకు పేరు పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఇప్పుడు 200 శాతానికి జూమ్ చేసి పిట్టగోడ దగ్గరికి వద్దాం. నిలువుగా దాటిన తీగ ఉన్నచోట అంచు బాగానే ఉంది. రెండో తీగ చూడండి, అంచుకి దాదాపు సమాంతరంగా, చాలా దూరం దాన్ని రాసుకుంటూ వెళ్లింది. అక్కడ అంచు అలలాగా కదిలింది. నిలువు తీగ అంచులో కొద్ది ముక్కనే కప్పుతుంది, రెండు పక్కలా అంచు కనబడుతూనే ఉంటుంది కాబట్టి టూల్ కలిపేయగలదు. వాలు తీగ అంచునే మింగేస్తే, అది ఎటు పోవాలో టూల్ ఊహించుకోవాల్సిందే.

మామూలుగా చూస్తే ఈ అల కంటికి ఆనదు. Line Tool‌తో అంచు ఈ చివర నుంచి ఆ చివరికి సన్నటి ఎర్ర గీత గీయండి, వెంటనే బయటపడుతుంది. చూశాక ఆ గీత తీసేయండి.

ఆ కాస్త భాగాన్ని మన లేయర్ మీద ఎరేజ్ చేసి రెండో టూల్‌కి, అంటే Clone Stamp‌కి వద్దాం. Sample దగ్గర Current & Below పెట్టండి. Polygonal Lasso‌తో అంచు బాగున్న రెండు చివర్లలో క్లిక్ చేసి, ఆకాశం వైపంతా సెలెక్ట్ చేయండి. అర పిక్సెల్ ఫెదర్ ఇవ్వండి, లేకపోతే కత్తెరతో కోసినట్టు కనిపిస్తుంది. లోపల ఆకాశం క్లోన్ చేశాక, సెలెక్షన్ ఇన్వర్స్ చేసి గోడ వైపు క్లోన్ చేయండి. సెలెక్షనే కంచె కాబట్టి చెయ్యి వణికినా అంచు కదలదు. పాత పద్ధతే, కానీ అంచుల విషయంలో నా ఓటు దీనికే.

ఇక స్తంభం. దీని వెనక కిటికీల కింద పోయే గట్టు ఉంది, ఇటుక వరసలున్నాయి, అన్నీ దూరం పోయేకొద్దీ చిన్నవవుతున్నాయి. మామూలు క్లోన్‌తో పక్క ముక్క తెచ్చి పెడితే సైజూ కుదరదు, వాలూ కుదరదు. అందుకే మూడోది, Filter మెనూలో Vanishing Point. గోడ మీద నాలుగు మూలలు క్లిక్ చేయాలి. నేను మొదటి కిటికీ పైమూల నుంచి నాలుగో కిటికీ కిందిమూల వరకు తీసుకున్నాను, ఎంత పెద్ద చతుర్భుజం పెడితే అంత కచ్చితంగా వస్తుంది. గ్రిడ్ నీలంగా ఉంటే సరే, పసుపో ఎరుపో అయితే మూలలు మళ్లీ సర్దాలి. నీలంగా ఉన్నా, గ్రిడ్ గీతలు ఇటుక వరసల మీదే పోతున్నాయో లేదో ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు అందులోని Stamp Tool. ఒకటో కిటికీకీ రెండో కిటికీకీ మధ్య గట్టు అంచు మీద Alt పట్టుకుని క్లిక్ చేసి, స్తంభం ఉన్నచోట అదే గట్టు అంచుకి ఆనించండి. బ్రష్ లోపలే ప్రివ్యూ కనిపిస్తుంది, గీత గీతతో కలిసాకే నొక్కండి. తెచ్చిన ముక్క తనంతట తనే చిన్నదై వాలుకి సరిపోతుంది. Heal మాత్రం Off‌లో పెట్టండి, లేకపోతే పక్కనే మిగిలిన స్తంభం నలుపు గోడలోకి పాకుతుంది. రంగులో కొద్ది తేడా వస్తే తర్వాత సరిచేసుకోవచ్చు.

దీని హద్దు కూడా చెప్పాలి. గ్రిడ్ గోడ ఒక్కదానికే. ముందుకి పొడుచుకొచ్చిన బాల్కనీకి, స్తంభం మొదలున్న ఫుట్‌పాత్‌కి వేరే ప్లేన్లు గీసుకోవాల్సిందే. స్తంభం వెనక బోర్డు మీది అక్షరాలు సగం దాగి ఉంటే, తెచ్చి పెట్టడానికి అలాంటి ముక్క ఫోటోలో ఇంకెక్కడా ఉండదు. అలాంటప్పుడు నేనైతే స్తంభాన్ని వదిలేస్తాను. తీసేయగలిగిన ఫోటోల్లో మాత్రం గోడ మీద పడ్డ తీగల నీడల్ని వెతకండి, Wires and cables వాటిని పట్టుకోకపోవచ్చు.